కోర్సు పేరు ఏం మాట ఇస్తోంది? ఆన్‌లైన్ పాఠాల శీర్షికలపై ఒక పరిశీలన

విమర్శ అనగానే మనకు కావ్యమో, నవలో, నాటకమో గుర్తుకు వస్తుంది. ఈ పాఠంలో మనం విమర్శకు తీసుకుంటున్నది నాలుగైదు మాటలకు మించని రచన. ఆన్‌లైన్ కోర్సుకో, వెబినార్ శ్రేణికో పెట్టే పేరు. దీనిని రచనగా ఎవరూ లెక్కించరు. కార్యక్రమం ఖరారయ్యాక, ఆహ్వాన పత్రం వెళ్లే ముందు, ఎవరో ఒకరు రెండు నిమిషాలలో రాసి పడేస్తారు. అయితే చేరాలా వద్దా అని చదువరి నిర్ణయించుకునేది చాలాసార్లు ఆ పేరు చూసే.

ముందుగా ఈ శీర్షికను చదవండి: 'సమాచార హక్కు చట్టంపై అవగాహన వెబినార్ శ్రేణి'. ఇందులో తప్పేమీ కనిపించదు. ఇటువంటివి మీరు చాలా చూసి ఉంటారు. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ శ్రేణి మొత్తం విన్న మనిషి, వినని మనిషి చేయలేని ఏ పనిని చేయగలుగుతాడు? శీర్షికలో దీనికి జవాబు లేదు. చట్టం పేరు ఉంది, కార్యక్రమం వెబినార్ అని ఉంది, అది ఒక్కటి కాదు కొన్ని అని ఉంది. మిగిలినదంతా 'అవగాహన' అనే ఒక్క మాట మోయాలి. ఆ మాట ఎంత బరువైనా మోస్తున్నట్టే కనిపిస్తుంది, నిజానికి ఏమీ మోయదు.

దీని కారణాన్ని బోధనశాస్త్రంలో స్పష్టంగా చెప్పినవాడు రాబర్ట్ మేగర్. బోధన లక్ష్యాలు రాయడం గురించి 1962లో వచ్చిన తన చిన్న పుస్తకంలో ఆయన మాటలను రెండు రకాలుగా విడదీశాడు. 'తెలుసుకొను', 'అర్థం చేసుకొను', 'ఆస్వాదించు' వంటివి ఒక రకం. వీటికి ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవచ్చు. 'రాయు', 'గుర్తించు', 'పరిష్కరించు', 'నిర్మించు' వంటివి రెండో రకం. ఇవి జరిగాయో లేదో పక్కనున్నవారు చూసి చెప్పగలరు. లక్ష్యం అంటే అభ్యాసకుడు ఏం చేస్తాడు, ఏ పరిస్థితులలో చేస్తాడు, ఎంత బాగా చేస్తే చాలు అనే మూడూ ఉండాలని ఆయన సూత్రం. శీర్షికలో ఈ మూడింటికీ చోటు చాలదు. మొదటిది ఉంటే చాలు. మిగిలిన రెండూ కోర్సు వివరణలోకి వెళ్తాయి.

తెలుగులో ఈ లోపం కాస్త ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందో ఆలోచించండి. మన విద్యాసంస్థల శీర్షికలు నామవాచకాలతో నడుస్తాయి. 'పరిచయం', 'అవగాహన', 'నైపుణ్యాభివృద్ధి', 'సాధికారత', 'ఒక అధ్యయనం'. సంస్కృత సమాసాన్ని ఎంత పొడవుగానైనా అల్లవచ్చు, అది గంభీరంగా వినిపిస్తుంది. అయితే సమాసంలో క్రియ ఉండదు. క్రియ లేకపోతే కర్త కనబడడు. 'దరఖాస్తు రచన' అంటే రాసేది ఎవరు? ఉపాధ్యాయుడు రాసి చూపిస్తాడా, మీరు రాస్తారా? 'దరఖాస్తు రాయండి' అన్నప్పుడు ఆ సందేహం రాదు. గంభీరత తగ్గిందని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది.

పైన చెప్పిన 'అవగాహన వెబినార్ శ్రేణి' శీర్షిక నేను పెట్టినదే. మూడు శనివారాలు, ఒక్కో గంట. మొదటి శనివారం వచ్చినవారిని, ఎందుకు వచ్చారో చెప్పమని అడిగాను. పోటీ పరీక్షలకు చదువుతున్నవారు సెక్షన్ల సంఖ్యలు కావాలన్నారు. ఒక న్యాయశాస్త్ర విద్యార్థి కోర్టు తీర్పుల గురించి చెబుతానని అనుకున్నాడు. మండల కార్యాలయం చుట్టూ తిరుగుతున్న ఒక పెద్దాయన, తన కాగితం ఎక్కడ ఆగిందో తెలుసుకునే దారి చెప్పమన్నాడు. ముగ్గురూ నా శీర్షికను సరిగానే చదివారు. అవగాహనలో ఈ మూడూ ఇమిడిపోతాయి. నేను సిద్ధం చేసుకున్న పాఠం మాత్రం మూడోవారికే పనికివస్తుంది. మిగిలిన ఇద్దరూ రెండో శనివారం రాలేదు. వారిని తప్పుపట్టడానికి లేదు.

పేరు మార్చాలంటే ముందు పాఠాన్ని చూసుకోవాలి. నిజానికి ఆ మూడు గంటలలో ఏం జరిగేది? మొదటి గంటలో ఫిర్యాదును ప్రశ్నగా మార్చేవాళ్లం. 'మా వీధిలో రోడ్డు ఎందుకు వేయలేదు?' అని రాస్తే సాధారణంగా ఉపయోగం లేదు. చట్టంలోని సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం అంటే కార్యాలయం దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్నది. 'ఎందుకు' అన్నదానికి రికార్డులో కారణం రాసి ఉంటే తప్ప, కొత్తగా ఆలోచించి జవాబు చెప్పవలసిన బాధ్యత అధికారికి లేదు. అందువల్ల ప్రశ్నను కాగితాల వైపు తిప్పాలి. ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా వీధి రోడ్డుకు మంజూరైన మొత్తం ఎంత, పని అప్పగించిన ఉత్తర్వు నకలు, కొలతలు నమోదు చేసే ఎం-బుక్ పేజీల నకళ్లు. ఇలా అడిగితే అవి ఉన్నాయో లేవో చెప్పక తప్పదు.

రెండో గంటలో ఆ కాగితం ఎవరికి పంపాలి, రుసుము ఎంత అనేవి. ప్రజా సమాచార అధికారి పేరు తెలియనక్కర లేదు, హోదా రాస్తే సరిపోతుంది. కార్యాలయం తప్పుగా రాసినా, సెక్షన్ 6(3) కింద దానిని 5 రోజులలోగా సరైన చోటికి బదిలీ చేయాలి. మన తెలుగు రాష్ట్రాలలో గ్రామస్థాయి కార్యాలయాలకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మూడో గంటలో రోజుల లెక్క. 30 రోజులలో జవాబు రాకపోతే, లేదా వచ్చినది సరిపోకపోతే, మరో 30 రోజులలోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. చివరలో ప్రతి ఒక్కరూ తమ సొంత సమస్య మీద ఒక దరఖాస్తు రాసి చూపించాలి. అదే ఆఖరి అభ్యాసం.

శీర్షిక ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది. అది పాఠ్యాంశాల పట్టికలో ఉండదు, ఆఖరి అభ్యాసంలో ఉంటుంది. పట్టిక బోధకుడు ఏం చెబుతాడో చూపిస్తుంది. ఆఖరి అభ్యాసం అభ్యాసకుడి చేతిలో ఏం మిగులుతుందో చూపిస్తుంది. మీరు ఎప్పుడైనా ఒక కోర్సుకు పేరు పెట్టవలసి వస్తే, ముందు ఆఖరి రోజు పనిని ఒక వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే చిక్కు పేరులో లేదు, కోర్సులోనే ఉంది.

ఇది తెలిశాక కూడా నేను మళ్లీ పొరబడ్డాను. ఫలితం చెప్పాలన్న ఉత్సాహంలో రెండోసారి అదే శ్రేణికి 'మీకు కావలసిన సమాచారం సాధించండి' అని పేరు పెట్టాను. క్రియ ఉంది, కర్త ఉన్నాడు, వినడానికి బాగుంది. చాలామంది వచ్చారు. రెండు నెలల తరువాత ఒకాయన ఫోన్ చేశాడు. దరఖాస్తు చక్కగా రాశాడు, రుసుము కట్టాడు, గడువు లెక్కపెట్టాడు. సెక్షన్ 8 కింద ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. ఆ సెక్షన్‌లో మినహాయింపుల జాబితా ఉంటుంది, మూడో పార్టీ వ్యక్తిగత వివరాలు వంటివి అందులోకి వస్తాయి. 'మీరు సాధించండి అన్నారు కదండీ' అని ఆయన మెల్లిగానే అన్నాడు. గట్టిగా తిట్టి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

ఆయన చేయవలసినదంతా చేశాడు. సమాచారం ఇచ్చేది మాత్రం కార్యాలయం. నా శీర్షిక ఆయన చేతిలో లేని దానిని ఆయనకు మాట ఇచ్చింది. ఫలితం చెప్పే శీర్షికలను విమర్శించేటప్పుడు ముందుగా చూడవలసిన గీత ఇదే. ఒకవైపు అభ్యాసకుడు నేర్చుకుని తానే చేయగల పని. మరోవైపు ఆ పని వల్ల, ఇతరులు సహకరిస్తే, కలిసివస్తే జరిగేది. దరఖాస్తు రాయడం మొదటిది, సమాచారం రావడం రెండోది. బయోడేటా రాయడం మొదటిది, ఉద్యోగం రావడం రెండోది. కోర్సు మొదటిదానికే పూచీ పడగలదు. రెండోదానికి పూచీ పడిన శీర్షిక ఎంత ఆకర్షణీయంగా ఉంటే అంత ప్రమాదకరం, ఎందుకంటే ఓడిపోయినవాడు తప్పు తనదేననుకుంటాడు.

కాబట్టి క్రియ 'రాయు' అని తేలింది. దానిని ఏ రూపంలో పెట్టాలి? మన భాషలో నాలుగు రూపాలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి, అయితే నాలుగూ వేరువేరు మాటలు ఇస్తాయి. 'దరఖాస్తు రాయడం ఎలా?' అన్నది వివరణకు మాట ఇస్తుంది. ఎలా రాయాలో చెప్పేసి బోధకుడు వెళ్లిపోవచ్చు, వినేవాడు కలం తీయనక్కర లేదు. 'దరఖాస్తు రాయగలరు' అన్నది సంస్థ ఇచ్చే పూచీ. అందరూ రాయగలిగే దాకా బాధ్యత సంస్థదే అవుతుంది. 'దరఖాస్తు రాద్దాం' అంటే బోధకుడు కూడా పక్కన కూర్చుంటాడు. ప్రత్యక్షంగా జరిగే వెబినార్‌కు ఇది ముచ్చటగా ఉంటుంది. అదే పాఠాన్ని రికార్డు చేసి పెడితే, ఆరు నెలల తరువాత ఒంటరిగా చూసేవాడికి 'రాద్దాం' అన్న మనిషి పక్కన ఉండడు. 'దరఖాస్తు రాయండి' అన్నది పని అభ్యాసకుడిదని చెబుతుంది. నేను దీనికి 'మీరే' చేర్చాను, ఎందుకంటే కార్యాలయాల బయట డబ్బు తీసుకుని అర్జీలు రాసిపెట్టేవారి దగ్గరికి వెళ్లే అలవాటు ఉన్నవారు నా తరగతికి వస్తారు. 'సమాచార హక్కు దరఖాస్తు మీరే రాయండి'. ఇందులో 'మీరే' అన్నది అలంకారం కాదు, ఫలితంలో భాగం.

పేరు ఎంత పొడవుండవచ్చు? దీనికి అందం కంటే ఫోనే ఎక్కువ సమాధానం చెబుతుంది. ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 గుర్తులు పడతాయి. తెలుగు లిపిలో పంపితే ఒక్కో సందేశంలో 70 మాత్రమే. పైగా మన కంటికి ఒక అక్షరంగా కనిపించేది యంత్రానికి ఒకటి కాదు. 'హక్కు' అన్న మాటను చూడండి. మనకు రెండు అక్షరాలు. యంత్రానికి హ, క, పొల్లు, మళ్లీ క, కొమ్ము, మొత్తం 5. ఈ లెక్కన, ఖాళీలతో సహా, నా పాత శీర్షిక 'సమాచార హక్కు చట్టంపై అవగాహన వెబినార్ శ్రేణి' 43 గుర్తులు. అందులో 'అవగాహన వెబినార్ శ్రేణి' అన్న చివరి మూడు మాటలే 22. దాదాపు సగం స్థలం ఏమీ చెప్పకుండా ఖర్చయింది. కొత్త శీర్షిక 33. దాని తరువాత 'శనివారం సాయంత్రం 6 గంటలకు' అని చేర్చినా 59 అవుతుంది, 'ఉచితం' అనడానికి ఇంకా చోటుంటుంది. పాతదానికి అదే వారం, సమయం చేర్చితే 69. ఇక ఒక్క గుర్తుకే జాగా.

అయితే ఈ పేరులోనూ ఒక వెలితి ఉంది. మూడో గంటలో మేము చేసే అప్పీలు ఇందులో లేదు. దానిని కూడా పేరులోకి లాగితే పేరు చీలిపోతుంది. ఇటువంటి చోట ఉపశీర్షిక ఉపయోగపడుతుంది. 'దరఖాస్తు నుంచి మొదటి అప్పీలు దాకా' అని కింద రాశాం. 'దాకా' అన్న మాటతో హద్దు కూడా తెలిసింది. రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు వెళ్తుంది, అది మా మూడు గంటలలో లేదు. ఆ విషయం వచ్చినవారికి ముందే తెలియాలి. ఈ పేరుతో మళ్లీ నడిపినప్పుడు మొదటి శనివారం ప్రశ్నల తీరు మారింది. సెక్షన్ల సంఖ్యలు అడిగినవారు తగ్గారు. 'మా సమస్యకు ఏ కార్యాలయానికి రాయాలి?' అన్నవారు పెరిగారు. హాజరు సంఖ్య పెద్దగా మారలేదు. శీర్షిక సరిపోయిందో లేదో చూడడానికి నేను సంఖ్యల కంటే మొదటి రోజు ప్రశ్నలనే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన ఒక శీర్షికకు ఇదే పరీక్ష పెడదాం. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం తరఫున నోమ్ నిసాన్, షిమోన్ షాకెన్ అనే ఆచార్యులు కోర్సెరా వేదికపై చెప్పిన కోర్సు పేరు 'బిల్డ్ ఎ మోడర్న్ కంప్యూటర్ ఫ్రమ్ ఫస్ట్ ప్రిన్సిపుల్స్: ఫ్రమ్ నాండ్ టు టెట్రిస్'. మూలసూత్రాల నుంచి మొదలుపెట్టి ఒక ఆధునిక కంప్యూటర్‌ను నిర్మించండి అని భావం. నాండ్ అంటే రెండు సంకేతాలు తీసుకుని ఒకటి ఇచ్చే అతి చిన్న తర్క ద్వారం. టెట్రిస్ అంటే పైనుంచి ముక్కలు పడే ఆట. ఎక్కడ మొదలవుతారో, ఎక్కడికి చేరతారో రెండు మాటలలో చెప్పేశారు. 'కంప్యూటర్ నిర్మాణశాస్త్ర పరిచయం' అని ఉంటే ఇందులో పదో వంతు కూడా తెలిసేది కాదు.

అయినా విమర్శకుడు ఇక్కడ ఆగకూడదు. కోర్సెరాలో ఈ కోర్సు రెండు భాగాలు. మొదటి భాగంలో నాండ్ ద్వారాల నుంచి 'హాక్' అనే చిన్న కంప్యూటర్ దాకా, దాని అసెంబ్లర్ దాకా వెళ్తారు. ఆటలు రాయగలిగే భాష, దాని కంపైలర్, ఆపరేటింగ్ సిస్టమ్ రెండో భాగంలో వస్తాయి. అంటే మొదటి భాగంతో ఆగినవాడు కంప్యూటర్‌ను నిర్మించాడు కాని టెట్రిస్‌ను చేరలేదు. ఇక 'నిర్మించండి' అన్నది సిమ్యులేటర్‌లో, తెర మీద. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే పని ఏమీ లేదు. నా దృష్టిలో రెండో విషయం మోసం కాదు, ఎందుకంటే కంప్యూటర్ ఎలా ఏర్పడుతుందో అభ్యాసకుడు తానే ఒక్కో పొర కట్టి తెలుసుకుంటాడు. మొదటిది మాత్రం చిన్న లోపమే. దూరపు గమ్యాన్ని పేరులో పెట్టి, ప్రయాణాన్ని రెండు టిక్కెట్లుగా అమ్మినట్టు అయింది.

ఈ కొలతతోనే మీ ఊరి గోడల మీద, ఫోన్‌లోని ప్రకటనలలో కనిపించే '30 రోజులలో అనర్గళంగా ఇంగ్లీషు' అన్న ధోరణిని చూడండి. ఇది ఫలితాన్ని చెబుతోంది కదా, మరి మెచ్చుకోవాలా? 'అనర్గళంగా' అన్నదానిని ఎవరు, ఎక్కడ, ఎలా కొలుస్తారు? ఆఖరి రోజు అభ్యాసం ఏమిటి? దానికి జవాబు లేదు కాబట్టి ఇది ఫలితంలా వేషం వేసుకున్న 'అవగాహన' మాత్రమే. అదే సంస్థ 'ఇంటర్వ్యూలో మీ గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండి' అని పేరు పెడితే చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఆఖరి రోజు గడియారం పెట్టి చూడవచ్చు. చిన్నదిగా కనిపించడానికి ఇష్టపడకపోవడమే చాలా శీర్షికలు చెడిపోవడానికి కారణమని నా అనుభవం.

ఈ పద్ధతి అన్నిటికీ సరిపోదు. మీరు చదువుతున్న డిగ్రీ పేపర్లనే తీసుకోండి. 'తెలుగు సాహిత్య చరిత్ర' అన్న పేరు మార్కుల మెమోలో ఉంటుంది, మరో విశ్వవిద్యాలయం దానిని తన పేపరుతో పోల్చి చూస్తుంది. అక్కడ విషయం పేరే కావాలి, 'మీరే రాయండి' అంటే నవ్వుతారు. పైగా ఏడాది పొడవునా సాగే చదువుకు ఫలితాలు అనేకం, వాటిలో ఒకదానిని ఎంచి పేరుగా పెడితే మిగిలినవాటికి అన్యాయం జరుగుతుంది. ఒక కవిని చదివి ఇష్టపడడం కూడా కోర్సు ఉద్దేశం కావచ్చు, దానిని చూసి చెప్పగల క్రియగా మార్చబోతే అది ఇష్టం కాకుండా పోతుంది. కాని అదే సాహిత్యంలో ఛందస్సు మీద నాలుగు గంటల వెబినార్ పెడితే లెక్క మారుతుంది. 'ఛందస్సు: ఒక పరిచయం' అనవలసిన అవసరం లేదు. ఉత్పలమాల పాదం ఇస్తే భ, ర, న, భ, భ, ర, వ అని విడదీసి, పదో అక్షరం దగ్గర యతి చూపించడం ఆఖరి అభ్యాసమైతే, 'వృత్త పద్యానికి గణాలు కట్టండి, యతి పట్టండి' అన్నది నిజమైన పేరు.

మీకు ఇటీవల వచ్చిన ఏదైనా వెబినార్ ఆహ్వానాన్ని తీసి చూడండి. పేరులో క్రియ ఉందా, ఉంటే ఆ పని ఎవరిది, దానిని మీరు చేశారని ఆఖరి గంటలో ఎలా తెలుస్తుంది? ఈ మూడింటికీ జవాబులు ఒక పేజీలో రాసి, ఆ శీర్షికను మీరైతే ఎలా మార్చేవారో కింద రాయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ ఆహ్వానాన్ని కూడా వెంట తెచ్చుకోండి.